డిబేట్‌లో అధ్యక్షుని తొలిపలుకు — ఒక పరిశీలన

ఇంటర్ కాలేజి డిబేట్ ముగిశాక ఇళ్ళకి వెళ్తూ జనం మాట్లాడుకునేది వక్తల గురించి. ఫలానా అమ్మాయి భలే మాట్లాడిందనీ, ఫలానా అబ్బాయి లెక్కలు తప్పు చెప్పాడనీ కారెక్కేదాకా అనుకుంటారు. మొదట లేచి మోషన్ చదివి రెండు జట్లనీ పరిచయం చేసిన అధ్యక్షుడు, అంటే ఈనాటి పిల్లల భాషలో మోడరేటర్, ఏమన్నాడో ఎవరికీ గుర్తుండదు. గుర్తుండకపోవటం ఆయనకి నిజానికి కితాబు. కాని ఆ రెండు మూడు నిమిషాల్లో ఆయన అన్న మాటలే ఆ తరవాతి గంటన్నర వాదనకి హద్దులు గీస్తాయి. హద్దురాయి ఒక అడుగు పక్కకి జరిగినా పొలంలో నిలబడ్డవాడికి తెలియదు. నష్టపోయినవాడికి మాత్రం కోత రోజున తెలుస్తుంది.

మన పిల్లలు చదివే కాలేజీల్లో తెలుగు విద్యార్థి సంఘాలు డిబేట్లు పెట్టుకుంటున్నాయి. అధ్యక్షత వహించమని మనలోంచే ఎవరినో, తరచు డాక్టరునో ఇంజనీరునో, పిలుస్తున్నాయి. అంచేత ఈ తొలిపలుకునే ఒక రచనగా తీసుకుని విమర్శించి చూద్దామని మా ప్రయత్నం. కవితనీ కథనీ విమర్శించినట్టే దీన్నీ విమర్శించవచ్చు. దీనికీ ఒక పని ఉన్నది, ఆ పని చేసిందో లేదో చెప్పటానికి గుర్తులున్నాయి. ఉదాహరణకి అందరికీ దొరికే ఒక పాత రికార్డు తీసుకుంటాము. ఆ ఒక్క రాత్రే ఒకే డిబేట్‌ని ముగ్గురు మనుషులు మూడు విధాలుగా పరిచయం చేశారు. పోల్చి చూడటానికి ఇంతకంటె మంచి అవకాశం దొరకదు.

అది 1965 ఫిబ్రవరి 18, కేంబ్రిడ్జ్ యూనియన్ హాలు. ఆ యూనియన్ పుట్టి అప్పటికి సరిగ్గా నూటయాభై ఏళ్ళు. ఒక్కొక్క పక్షానికి ఒక విద్యార్థి, ఒక అతిథి. అనుకూల పక్షాన పెంబ్రోక్ కాలేజి విద్యార్థి డేవిడ్ హేకాక్, ఆయన వెనక నవలాకారుడు జేమ్స్ బాల్డ్విన్. ప్రతికూల పక్షాన ఇమ్మాన్యుయెల్ కాలేజి విద్యార్థి జెరెమీ బర్ఫర్డ్, ఆయన వెనక అమెరికన్ పత్రికా సంపాదకుడు విలియం బక్లీ. అధ్యక్షుడు పీటర్ ఫులర్టన్. బిబిసి వారు దాన్ని చిత్రించారు కాబట్టి ఈనాటికీ మనం చూడగలుగుతున్నాము. రెండు కాలేజీల మధ్య షీల్డు కోసం జరిగిన పోటీ కాదుగాని, మోషన్, రెండు జట్లు, అధ్యక్షుడు అనే చట్రం మాత్రం మన డిబేట్లదే. ఆంధ్రా కాలేజీల్లో మనవాళ్ళు నేర్చుకున్న పద్ధతికి మూలం కూడా ఈ యూనియన్ల సంప్రదాయమే గదా!

అమెరికాలో ఆ రోజులు ఎలాంటివో ఒక్క మాట చెప్పుకోవాలి. పౌరహక్కుల చట్టం 1964 జూలైలో వచ్చింది. ఓటుహక్కుల చట్టం 1965 ఆగస్టులోగాని రాలేదు. ఈ డిబేట్ జరిగిన 18వ తేదీ రాత్రే అలబామాలోని మారియన్ అనే ఊళ్ళో ఓటుహక్కు కోసం ఊరేగింపు తీసిన నల్లవారిమీద పోలీసులు విరుచుకుపడ్డారు. జిమ్మీ లీ జాక్సన్ అనే యువకుడికి తుపాకి గుండు తగిలి ఎనిమిది రోజుల తరవాత చనిపోయాడు. మోషన్‌లో ఉన్న ‘నీగ్రో’ అన్నమాట ఈనాడు ఎవరూ వాడరు. ఆ రోజుల్లో నల్లజాతి నాయకులు కూడా వాడిన మాట అది. మోషన్ పాఠం కాబట్టి మేము దాన్ని అలాగే ఉంచుతున్నాము.

ఇహ ఆ మూడు పరిచయాలు. మొదటిది టెలివిజన్ ప్రేక్షకుల కోసం నార్మన్ సెంట్ జాన్ స్టీవాస్ చేసినది. ఆయన అప్పటికి పార్లమెంటు సభ్యుడు, ఒకప్పుడు ఇదే యూనియన్‌కి అధ్యక్షుడు కూడా. హాలు కిక్కిరిసిపోయిందనీ, బెంచీలమీదా నేలమీదా గాలరీల్లోనూ విద్యార్థులే ఉన్నారనీ, యూనియన్ చరిత్రలోనే ఇది గొప్ప డిబేట్ కావచ్చుననీ ఉత్సాహంగా చెప్పాడు. తరవాత మోషన్ చెప్పాడు. రెండవది అధ్యక్షుడు ఫులర్టన్‌ది. మోషన్ చదివి, ప్రతిపాదించేది ఎవరో వ్యతిరేకించేది ఎవరో కాలేజీల పేర్లతో సహా చెప్పి, మూడవ వక్త బాల్డ్విన్, నాలుగవ వక్త బక్లీ అని చెప్పి, ఇక సభవారు హేకాక్‌గారి మాట వింటారని కూర్చున్నాడు. అరనిమిషం కూడా పట్టదు. మూడవది హేకాక్‌ది. మొదటి వక్త అతిథులకి స్వాగతం చెప్పటం ఆ సభ ఆచారం కాబట్టి వాదన మొదలుపెట్టే ముందు ఇద్దరు అతిథులనీ ఆయనే పరిచయం చేశాడు.

ముందు మోషన్ సంగతి చూద్దాము. అధ్యక్షుడు హాలులో చదివిన మోషన్‌ని తెలుగులో చెప్పుకుంటే ‘అమెరికన్ డ్రీమ్ ఖరీదు కడుతున్నది అమెరికన్ నీగ్రో’ అన్న అర్థం వస్తుంది. టెలివిజన్‌లో స్టీవాస్ చెప్పినది ‘అమెరికన్ డ్రీమ్‌కి ఖరీదు కట్టినది అమెరికన్ నీగ్రో’ అన్నట్టుంటుంది. ఒకటి వర్తమానం, ఒకటి గతం. ఇంగ్లీషులో ఒకటి రెండు మాటల తేడా, తెలుగులో క్రియ చివర తేడా. వినేవాళ్ళకి అది తేడాగానే తోచదు. కాని వాదించేవాళ్ళు మొయ్యవలసిన బరువు పూర్తిగా మారిపోతుంది.

‘కట్టినది’ అంటే ప్రతిపాదించే జట్టు చరిత్ర చూపిస్తే చాలు. జీతంలేని చాకిరీతో పండిన పత్తి, వేసిన రైలుదారులు, కట్టిన రేవులు చూపించి ఆ సంపదకి పునాది ఎవరి వెన్నెముకో రుజువు చేస్తే మోషన్ నెగ్గినట్టే. అవతలిపక్షం ఇప్పుడు పరిస్థితి మెరుగవుతున్నదని ఎంత చెప్పినా అది సమాధానం కాదు. ఒకప్పుడు కట్టిన ఖరీదు ఇప్పటి మెరుగుదలవల్ల మాసిపోదు. ‘కడుతున్నది’ అంటే కథ వేరు. 1965లో, ఆ రోజున, ఒకరి సుఖం మరొకరి నష్టం మీదనే నిలబడి ఉన్నదని చూపించాలి. అప్పుడు అవతలిపక్షానికి రెండు ద్వారాలు తెరుచుకుంటాయి. ఒకటి, మార్పు వస్తున్నది చూడండి అనటం. రెండు, నష్టం ఉన్నమాట నిజమే, కాని సుఖం పుట్టింది ఆ నష్టంలోంచి కాదు అనటం.

బర్ఫర్డ్ సరిగ్గా ఈ రెండవ ద్వారం పట్టుకున్నాడు. నల్లవారికి అన్యాయం జరుగుతున్నదా లేదా అన్నది ఈనాటి మోషన్ కాదని ముందే పక్కకి తీసి, ఆ అసమానత అమెరికన్ డ్రీమ్‌కి అడ్డయిందేగాని ఆధారం కాలేదని వాదించాడు. ఆయన వాదం మనకి నచ్చనక్కరలేదు. కాని మోషన్‌ని మాట మాటగా చదివినవాడి వాదం అది. వైద్యుల భాషలో చెప్పాలంటే, రెండు జబ్బులు ఒకే మనిషిలో ఉన్నంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణం అయిపోదు. కారణమని చెప్పేవాడే నిరూపించాలి. అధ్యక్షుడు కనక ఆ మాటని కొంచెం వదులుగా, ‘నల్లవారి బాధ గురించి ఈనాటి మన చర్చ’ అని చెప్పి ఉంటే బర్ఫర్డ్ నోరు విప్పకముందే ఆయన కాళ్ళ కింద నేల పోయేది. నల్లవారి బాధని కాదనే దుర్మార్గుడిగా లేచి నిలబడవలసి వచ్చేది. ఫులర్టన్ ఆ పని చెయ్యలేదు. కాగితం మీద ఉన్న వాక్యాన్ని ఉన్నట్టు చదివాడు. ఆయన తొలిపలుకులో మాకు అన్నిటికంటె నచ్చినది అదే.

మోషన్ మాటలు సమంగా లేకపోతే ఎవరు చెప్పాలి? ఇదీ ఆ రాత్రే తేలింది. బాల్డ్విన్ లేచి మొదట చేసిన పనుల్లో ఒకటి ఈ ప్రశ్నే ఒకవైపు మొగ్గి ఉన్నదని చెప్పటం. దానికి సమాధానం మనిషి ఈ లోకంలో ఎక్కడ నిలబడి ఉన్నాడన్నదాని మీద, దేన్ని వాస్తవం అనుకుంటున్నాడన్నదాని మీద ఆధారపడుతుందని ఆయన అన్నాడు. అంటే మోషన్‌ని విప్పి చూపించటం వక్త చేతి పని. పోటీ డిబేట్లలో ఈనాడు పాటించే నియమం కూడా ఇదే. బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో మోషన్‌లోని మాటలకి నిర్వచనం చెప్పే హక్కు ప్రతిపాదించే మొదటి జట్టుది. అన్యాయంగా నిర్వచిస్తే కాదనే హక్కు ఎదుటి జట్టుది. అధ్యక్షుడికి ఆ రెండు హక్కుల్లో ఏదీ లేదు. వినేవాళ్ళకి తెలియని వాస్తవం ఏదన్నా ఉంటే, అది రెండు జట్లకీ ముందుగా తెలిపి, అప్పుడు సభకి చెప్పవచ్చు. ‘అమెరికన్ డ్రీమ్ అన్నమాటని జనంలోకి తెచ్చింది 1931లో జేమ్స్ ట్రస్లో ఆడమ్స్ రాసిన చరిత్ర పుస్తకం’ అని చెప్పటం వాస్తవం. ‘అమెరికన్ డ్రీమ్ అంటే కష్టపడ్డవాడికల్లా పైకొచ్చే అవకాశం’ అని చెప్పటం నిర్వచనం. రెండవది అధ్యక్షుడి నోట వస్తే ఒక జట్టుకి సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు మనుషుల పరిచయం చూద్దాము. స్టీవాస్ బాల్డ్విన్‌ని పేరున్న అమెరికన్ నవలాకారుడుగా, ‘అనదర్ కంట్రీ’ నవలతో ప్రపంచ ప్రఖ్యాతి పొందినవాడుగా చెప్పాడు. బక్లీ దగ్గరికి వచ్చేసరికి ఆయన అమెరికాలో పేరుపొందిన కన్సర్వేటివ్ అన్నాడు. అదీ అమెరికన్ అర్థంలో కన్సర్వేటివ్ సుమా అని నొక్కి చెప్పాడు. ఆయన రాసిన పుస్తకం ఒకటి చెప్పి, సెనేటర్ గోల్డ్‌వాటర్‌ని తొలినాళ్ళలో బలపరచినవాళ్ళలో ఒకడని ముగించాడు. చెప్పినవన్నీ నిజాలే, ఒక్క అబద్ధమూ లేదు. కాని ఒకరిని చేసిన పనితో పరిచయం చేశాడు, రెండవవారిని చేరిన గుంపుతో పరిచయం చేశాడు. గోల్డ్‌వాటర్ అంతకు మూడు నెలల కిందటే అధ్యక్ష ఎన్నికల్లో ఘోరంగా ఓడిపోయినవాడు, పైగా 1964 పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటు వేసినవాడు. ఆ మోషన్ మీద డిబేట్‌లో ఆ పేరు ఎత్తటం అంటే సాక్షిని బోనెక్కించేముందే అతని పాత కేసు చదివినట్టు. పైగా చెప్పేవాడు స్వయానా బ్రిటిష్ కన్సర్వేటివ్ పార్టీ సభ్యుడు. ‘అమెరికన్ అర్థంలో’ అని ఆయన నొక్కి చెప్పటం వినేవాళ్ళకి సాయమే అనుకుందాం. ‘ఈయన మాలాంటివాడు కాదు’ అన్న ధ్వని కూడా అందులో లేకపోలేదు.

ఆ ఇద్దరు విద్యార్థుల పేర్లు స్టీవాస్ చెప్పనేలేదు. ఇద్దరు విద్యార్థులు మొదట మాట్లాడతారని మాత్రం అన్నాడు. మన సభల్లో కూడా ముఖ్య అతిథి బయోడేటా పావుగంట నడిచి, పోటీ చేసే పిల్లల పేర్లు గబగబా చదివేస్తారు. ఫులర్టన్ పరిచయంలో ఈ లోటు లేదు. నలుగురికీ సమానంగా పేరు, స్థానం. విద్యార్థులకి అదనంగా కాలేజి పేరు. విశేషణం ఒక్కటి లేదు.

ఇంతకంటె ఆశ్చర్యం హేకాక్ పరిచయం. ఆయన ప్రతిపాదించే పక్షం వాడు, బక్లీని ఓడించటానికి లేచినవాడు. కాని మొదట పరిచయం చేసింది బక్లీనే, ఎక్కువసేపు చెప్పిందీ బక్లీ గురించే. అమెరికా కన్సర్వేటివ్‌లలో ఇంత చక్కగా మాట్లాడగలిగినవారు లేరేమోనన్న పేరున్నదనీ, యేల్ పట్టభద్రుడనీ, ‘గాడ్ అండ్ మాన్ ఎట్ యేల్’ అనే పుస్తకంతో పైకి వచ్చాడనీ, ‘నేషనల్ రివ్యూ’ పత్రికకి సంపాదకుడనీ చెప్పాడు. కాస్త చమత్కారం కలిపాడుగాని కించపరచలేదు. తన పక్షం వాడైన బాల్డ్విన్‌కి పరిచయం అక్కరలేదంటూనే, ఆయన మూడవ నవల చవక ప్రతి ఇంగ్లండులో ఆ రోజే వెలువడిందని చెప్పి ముగించాడు. రాసిన పుస్తకం, చేస్తున్న పని ఇద్దరికీ ఒకే కొలత. తటస్థంగా ఉండవలసిన వ్యాఖ్యాత పరిచయంలో మొగ్గు కనిపించింది, మొగ్గి ఉండవలసిన వక్త పరిచయంలో తటస్థత కనిపించింది. అంటే తటస్థతకి కుర్చీతో పని లేదు, కొలతతోనే పని.

దీన్నిబట్టి మేము ఆ రాత్రి ఫలితాన్ని స్టీవాస్ పరిచయానికి అంటగట్టబోవటం లేదు. ఆయన మాటలు వెళ్ళింది టెలివిజన్ ప్రేక్షకులకి. మోషన్‌కి అనుకూలంగా 544 ఓట్లు, వ్యతిరేకంగా 164 ఓట్లు వేసింది హాలులోనివారు. వారు విన్నది ఫులర్టన్‌నీ హేకాక్‌నీ, ఆ తరవాత బాల్డ్విన్‌నీ. బాల్డ్విన్ కూర్చోగానే సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ గెలుపు ఆయన మాటలది. హాలులో తొలిపలుకు శుభ్రంగా ఉండబట్టే ఈ మాట మనం ధైర్యంగా అనగలుగుతున్నాము. అధ్యక్షుడు ఒకవైపు ఒరిగి ఉంటే ఈ 380 ఓట్ల ఆధిక్యం చూసి ఎవరైనా ఏదైనా అనవచ్చు. గెలిచిన జట్టుకి కూడా అది నష్టమే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. మన కుటుంబాల్లో నిజంగా వేడెక్కే మోషన్ ఒకటి తీసుకుందాము: ప్రభుత్వ వైద్యకళాశాలల్లో చదివిన డాక్టర్ల వలస. మన సభల్లో వినబడే ధోరణిలో తొలిపలుకు ఇలా ఉంటుంది:

‘సభకి నమస్కారం. ఈనాటి అంశం మనందరి గుండెల్లో ఉన్నది. డాక్టర్లు చదువు పూర్తికాగానే విదేశాలకి వెళ్ళిపోవటం న్యాయమా? ప్రజల సొమ్ముతో చదువుకున్నవారు ప్రజల ఋణం తీర్చుకోవద్దా? అయితే వ్యక్తిస్వేచ్ఛ కూడా ముఖ్యమే అనుకోండి. అనుకూలంగా మాట్లాడేది కిందటేడు షీల్డు గెలుచుకున్న జట్టు, వీరిలో ఒకరు మన డాక్టరుగారి అమ్మాయే. వ్యతిరేకంగా మాట్లాడేవారు మొదటిసారి వస్తున్నారు, పాపం మీరంతా చప్పట్లతో ప్రోత్సహించాలి.’

ఇందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కాని పరీక్షించి చూస్తే మోషనే లేదు. ప్రశ్న ఉన్నది. ప్రశ్నకి అనుకూలం, వ్యతిరేకం ఉండవు. ‘న్యాయమా’ అంటే ‘న్యాయమే’ అనేవారు అనుకూలమా, ‘కాదు’ అనేవారు అనుకూలమా? రెండవది, ప్రజల సొమ్ము, ప్రజల ఋణం అన్నవి ప్రతిపాదించే జట్టు మొదటి వక్త దాచుకున్న మాటలు. అధ్యక్షుడు వాటిని ముందే ఖర్చు పెట్టేశాడు. సమం చెయ్యబోయి స్వేచ్ఛ మాట కలిపి అవతలివారి మాటా ఖర్చు పెట్టాడు. వార్డులో రోగి వివరాలు చెప్పే జూనియర్ మొదటి వాక్యంలోనే ఫలానా జబ్బు అనేస్తే, ఆ తరవాత చూసే ప్రతి డాక్టరు కంటికీ ఆ జబ్బు గుర్తులే కనిపిస్తాయి. మూడవది, ఒక జట్టుకి షీల్డు, రెండవ జట్టుకి జాలి. న్యాయనిర్ణేతలు కూడా మనుషులే. జాలిపడ్డ జట్టు బాగా మాట్లాడితే ‘పరవాలేదే’ అనుకుంటారు, షీల్డు జట్టు తడబడితే ‘ఇవాళ ఒంట్లో బాగాలేదేమో’ అనుకుంటారు.

సరే, మోషన్ కట్టి చూద్దాము. ‘ప్రభుత్వ వైద్యకళాశాలల్లో చదివిన డాక్టర్లు ఐదేళ్ళు స్వదేశంలో పనిచేసిన తరవాతే విదేశానికి వెళ్ళాలి.’ బాగానే ఉన్నట్టున్నది. కాని ‘వెళ్ళాలి’ అన్నదాంట్లో చిక్కున్నది. అది డాక్టరు మనస్సాక్షికి చెప్పే మాటా, ప్రభుత్వం పెట్టే షరతా? మనస్సాక్షి అయితే ప్రతిపాదించే జట్టు బాధ్యత గురించి మాట్లాడితే సరిపోతుంది. వ్యతిరేకించే జట్టు ‘బాధ్యత ఉన్నది, బలవంతం కూడదు’ అని వాదించబోతే ‘బలవంతం ఎవరన్నారు?’ అని నోరు మూయిస్తారు. షరతు అయితే దాన్ని ఎలా అమలు చేస్తారు, పూచీపత్రం రాయిస్తారా, తప్పితే ఎంత కట్టాలి, స్వదేశంలో అన్ని ఉద్యోగాలున్నాయా అన్న భారమంతా ప్రతిపాదించే జట్టు నెత్తిన పడుతుంది. ‘ఐదేళ్ళు పనిచేసిన తరవాతే ప్రభుత్వం వెళ్ళనివ్వాలి’ అంటే రెండవ అర్థం ఒక్కటే మిగులుతుంది. ‘వెళ్ళాలి’, ‘వెళ్ళనివ్వాలి’ — కేంబ్రిడ్జ్‌లో ‘కట్టినది’, ‘కడుతున్నది’ లాంటి తేడానే ఇది. అధ్యక్షుడు మొదట ఒకటి చదివి చివర ఓటు దగ్గర నోటికొచ్చిన రెండవది చదివితే పిల్లలు వాదించింది ఒకటి, సభ ఓటు వేసింది మరొకటి.

ఈ మోషన్‌కి మనలో ఎవరు అధ్యక్షత వహించినా ఇంకొక చిక్కున్నది. ప్రభుత్వ కళాశాలలో నామమాత్రం ఫీజుకి చదివి, ఇక్కడికి వచ్చి ఉద్యోగం చేస్తున్నవాళ్ళం మనం. ఆ మోషన్ మనమీదే. దాచితే గుసగుసలు. సంజాయిషీ చెప్పుకుంటే అదే ఒక వాదన. ఒకే ఒక్క వాక్యంలో విషయం చెప్పి ఊరుకోవటం మేలని మా అభిప్రాయం. ఇలా:

‘ఈ సభ ముందున్న మోషన్: ప్రభుత్వ వైద్యకళాశాలల్లో చదివిన డాక్టర్లని ఐదేళ్ళు స్వదేశంలో పనిచేసిన తరవాతే ప్రభుత్వం విదేశానికి వెళ్ళనివ్వాలి. మళ్ళీ చదువుతున్నాను.’ అని అక్షరం మారకుండా మళ్ళీ చదవాలి. ‘ప్రతిపాదించే జట్టు ఫలానా కాలేజి, మొదటి వక్త ఫలానా, రెండవ వక్త ఫలానా. వ్యతిరేకించే జట్టు ఫలానా కాలేజి, మొదటి వక్త ఫలానా, రెండవ వక్త ఫలానా. ఒక్కొక్కరికి 7 నిమిషాలు. మొదటి నిమిషం పూర్తికాగానే ఒక గంట, ఆరవ నిమిషం పూర్తికాగానే ఒక గంట, ఆ రెండు గంటల మధ్యనే ఎదుటి జట్టు లేచి ప్రశ్న అడగవచ్చు. ఏడు నిమిషాలకి రెండు గంటలు. షీల్డు ఎవరికన్నది న్యాయనిర్ణేతలు వాదన నాణ్యతనిబట్టి నిర్ణయిస్తారు. మోషన్ మీద సభవారి ఓటు వేరుగా తీసుకుంటాము. అధ్యక్షత వహిస్తున్న నేను ప్రభుత్వ కళాశాలలోనే చదివి విదేశంలో పనిచేస్తున్నాను; నాకు ఓటు లేదు. ప్రతిపాదించే మొదటి వక్తని ఆహ్వానిస్తున్నాను.’

చదివి చూస్తే రెండు నిమిషాలు దాటదు. షీల్డుకీ ఓటుకీ తేడా చెప్పిన వాక్యం చిన్నదైనా విడవకూడదు. మోషన్ ఓడిపోయినా దాన్ని ప్రతిపాదించిన జట్టు షీల్డు గెలవవచ్చు. ఈ మాట ముందు చెప్పకపోతే చివర తల్లిదండ్రులు న్యాయనిర్ణేతల మీద పడతారు. ఇందులో హాస్యం లేదు, సూక్తి లేదు, అధ్యక్షుడి పాండిత్యం లేదు. సభ చప్పగా మొదలవుతుందని ఎవరైనా అనవచ్చు. స్టీవాస్ పరిచయంలో ఉన్న ఉత్సాహం ఫులర్టన్ పరిచయంలో లేదన్నమాట నిజమే. వేడి పుట్టించటం వక్తల పని. హాలు నిండిందనీ జనం తోసుకొస్తున్నారనీ చెప్పుకోవటంలో తప్పు లేదు, ఎందుకంటే అది రెండు జట్లకీ చెందుతుంది.

రాసుకున్న తొలిపలుకు సరిగా ఉన్నదో లేదో తేల్చుకోవటానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, రెండు జట్ల పరిచయాలనీ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి చదవాలి. పేర్లు తప్ప ఇంకేమన్నా ఎబ్బెట్టుగా వినిపిస్తే అక్కడ కొలత తప్పిందన్నమాట. బాల్డ్విన్‌ని ఆయన బలపరచిన రాజకీయ నాయకుల పేర్లతోనూ, బక్లీని పుస్తకంతో ప్రపంచ ప్రఖ్యాతి పొందినవాడుగానూ చెప్పి చూస్తే స్టీవాస్ పరిచయం ఎక్కడ ఒరిగిందో తెలిసిపోతుంది. ఫులర్టన్ పరిచయం తారుమారు చేసినా అలాగే ఉంటుంది. రెండవది, కాగితాన్ని సంగతి తెలియనివారికి, ఇంట్లో పిల్లలకైనా సరే, చదివి వినిపించి ‘నేను ఏ పక్షమనుకుంటున్నావు?’ అని అడగాలి. వెంటనే సమాధానం వస్తే ఆ కాగితం చింపి మళ్ళీ రాసుకోవాలి.

ఈ పత్రికలో డిబేట్ల వార్తలు అచ్చయినప్పుడు ‘వలస సమస్యపై చర్చ జరిగింది, ఫలానా జట్టు గెలిచింది’ అని రాస్తున్నారు. మోషన్ పూర్తి వాక్యం, పడిన ఓట్లు కూడా వెయ్యమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాము. కేంబ్రిడ్జ్ మోషన్ ఒకే రాత్రి రెండు రకాలుగా పలికిందని ఇన్నేళ్ళ తరవాత మనం పట్టుకోగలిగామంటే రికార్డు మిగలబట్టే. మన పిల్లలు దేనిమీద గెలిచారో, దేనిమీద ఓడారో, ఆ వాక్యం కూడా స్టెన్సిల్ మీద ఒక వరుస చోటుకి నోచుకోవాలి.